బత్తాయి రేటు అడిగితే రూం నంబర్ అడిగింది

నిన్న నల్లగొండలో ఒక హోటల్ సెల్లార్ హాల్లో బత్తాయి రైతుల మీటింగ్ జరిగింది. సంఘం కోసం నేను చేసిన యాప్‌ను అక్కడ చూపించాలి. యాప్ చేసే పని చిన్నది. పొద్దున ఢిల్లీ మార్కెట్లో టన్ను ఎంత పలికిందో సంఘం సర్వర్ నుంచి తెచ్చి చూపిస్తుంది. మా ఇంట్లో పని చేసింది, బస్టాండ్‌లో చేసింది, తోటలో బోరు దగ్గర కూడా చేసింది. ఇక చేయకపోవడానికి మిగిలిన చోటు ఒక్కటే. మీటింగ్ అక్కడే పెట్టారు.

సెల్లార్ కాబట్టి ఫోన్లో సిగ్నల్ గీత ఒక్కటి కూడా లేదు. హోటల్ కుర్రాడు వచ్చి, "వైఫై ఉందన్నా, ఫుల్ స్పీడ్" అన్నాడు. వైఫైకి కలవగానే హోటల్ లాగిన్ పేజీ తెరుచుకుని, రూం నంబర్ లేకపోతే మొబైల్ నంబర్ ఇమ్మంది. ఇచ్చాను. ఓటీపీ పంపింది, కొట్టమంది. ఓటీపీ ఎస్సెమ్మెస్‌లో రావాలి. ఎస్సెమ్మెస్‌కు సిగ్నల్ కావాలి. సిగ్నల్ ఉంటే ఈ వైఫై జోలికి ఎవడు వస్తాడు? ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడు ఎవరో ఒక్కసారైనా ఈ సెల్లార్‌లోకి దిగి చూశాడా అని నా అనుమానం. మెట్లెక్కి పైకి పోయి ఓటీపీ పట్టుకుని కిందికి వచ్చేసరికి దాని గడువు అయిపోయింది.

కుర్రాడు జాలిపడి, "ఇటియ్యన్నా, అందరికీ నేనే చేస్త" అని నా ఫోన్ తీసుకున్నాడు. లాగిన్ పేజీ మూల మూడు చుక్కలు నొక్కి, 'ఈ నెట్‌వర్క్‌ను ఉన్నది ఉన్నట్టు వాడు' అనే దాన్ని ఎంచుకున్నాడు. గుర్తు మారి వైఫై పూర్తిగా వచ్చినట్టు కనపడింది. ప్రెసిడెంట్ సారు ఫోన్‌కూ అదే వైద్యం చేసి, టీలు అందించడానికి పోయాడు.

నా ఫోన్ను ప్రొజెక్టర్‌కు తగిలించి, నాలుగు మాటలు మాట్లాడి, 'నేటి రేటు' బటన్ నొక్కాను. చక్రం తిరిగింది. తెర మీద ఇది పడింది:

```
<!DOCTYPE html><html><head><title>Guest Login</title>
```

నా ఫోన్లో ఉన్నది డీబగ్ బిల్డ్, అంటే తప్పులు వెతుక్కోవడానికి నేను వాడే యాప్. తప్పు జరిగితే సర్వర్ ఏం పంపిందో మొత్తం తెర మీద పెట్టమని నేనే రాసుకున్నా, నా సౌకర్యం కోసం. అది ఏ మొహమాటం లేకుండా మొత్తం పెట్టింది. కోణాల గుర్తుల మధ్యలోంచి 'ప్రియమైన అతిథీ, మీ రూం నంబర్, ఇంటిపేరు ఇవ్వండి' అనే మాటలు అందరికీ కనపడ్డాయి. దాని కింద ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ ఆఫర్.

హాల్ నిశ్శబ్దం. ముందు వరసలో తువ్వాలు భుజాన వేసుకున్న ఒక పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివాడు.

"గెస్ట్... లాగిన్. రూం నంబర్ అడుగుతున్నది తమ్మీ."

"అది హోటల్ వాళ్లది సారూ, మనది కాదు."

"మన యాప్‌లనే కదా వచ్చింది?"

"మన యాప్‌లోనే వచ్చింది గానీ..."

"మాకు రూం ఎక్కడిది? పొద్దుగాల్ల బస్సుకు వచ్చినం, సాయంత్రం బస్సుకు పోతం. సర్వే నంబర్ ఉన్నది. అది ఎయ్యి, తీస్కుంటదేమో."

వెనక నుంచి ఇంకొకాయన, "పాస్‌బుక్కు నంబర్ అడుగుతదేమో చూడుండ్రి" అన్నాడు. మూడో ఆయన లేచి నిలబడి, పాస్‌బుక్కు అడిగేది అయితే ఈ యాప్ తనకు వద్దనీ, ఇప్పటికే రెండు ఆఫీసులు దాని జిరాక్సులు అడిగి తీసుకున్నాయనీ, ఒక్కరూ తిరిగి పలకలేదనీ చెప్పాడు. చర్చ అక్కడి నుంచి భూమి రికార్డుల మీదికి పోయింది. తెర మీద బిర్యానీ మాత్రం కదలలేదు. వైరు పీకేద్దామని చూస్తే అది ప్రొజెక్టర్ వెనక గోడకు ఇరుక్కుని ఉంది. ఇంటిపేరు అడిగిన చోట ఎవరి ఇంటిపేరు వేయాలన్న దాని మీద రెండు కుటుంబాల మధ్య చిన్న మాటామాటా కూడా అయింది. ఎవరో నవ్వుతూ, "రేటు లేకపాయె, బిర్యానీ అన్న వస్తదా?" అన్నారు. అందరూ నా వైపే చూశారు.

ఇంతలో ప్రెసిడెంట్ సారు పరువు కాపాడాలని తన ఫోన్ తీశారు. అందులో ఉన్నది రిలీజ్ బిల్డ్, అంటే అందరికీ ఇచ్చే యాప్. అది ఇంకో పాట పాడింది:

```
CLEARTEXT communication to 10.5.50.1 not permitted
by network security policy
```

"ఈ 10.5.50.1 ఎవరు బాబూ? మన సర్వరేనా?" అని అడిగారు. కోడ్ మొత్తంలో ఆ అంకె నేనెక్కడా రాయలేదు. ఒకే యాప్, ఒకే హాల్, ఒకే వైఫై. ఒక ఫోన్లో బిర్యానీ, ఇంకో ఫోన్లో ముక్కూ మొహం తెలియని అడ్రస్. మీటింగ్ ఎలా ముగిసిందో చెప్పను.

రాత్రి పోయి అదే హోటల్ రిసెప్షన్‌లో కూర్చున్నా, ల్యాప్‌టాప్‌తో. లాగిన్ కాకుండా వైఫైకి కలిసి, ఆండ్రాయిడ్ ఫోన్లు నెట్ ఉందో లేదో తెలుసుకోవడానికి తట్టే అడ్రస్‌నే నేనూ తట్టా:

```
curl -i http://connectivitycheck.gstatic.com/generate_204
```

నెట్ సరిగ్గా ఉంటే దీనికి 204 అనే కోడ్‌తో ఖాళీ జవాబు రావాలి. హోటల్‌లో 302 వచ్చింది, కింద `Location: http://10.5.50.1/login` అని. ఆ ముక్కూ మొహం తెలియని వాడు హోటల్ గేట్‌వే. బత్తాయి లోడుతో మార్కెట్‌కు పోతుంటే మధ్యలో చెక్‌పోస్టు వాడు ఆపి, తనే మార్కెట్ అన్నట్టు రేటు బదులు రిజిస్టర్ చేతికిచ్చే బాపతు. లాగిన్ కాని ఫోన్ నుంచి ఏ హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ పోయినా దాన్ని పట్టుకుని, సర్వర్ తరఫున తనే జవాబిచ్చి లాగిన్ పేజీకి తిప్పుతుంది.

మా సర్వర్ ఇంకా తాళం లేని హెచ్‌టీటీపీ మీదే ఉంది, తాళం ఉండే హెచ్‌టీటీపీఎస్ మీద కాదు. ఎందుకంటే దాన్ని చూసేది సంఘంలో ఒక పెద్దమనిషి బామ్మర్ది. సర్టిఫికెట్ పెట్టించండి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు ఉచితంగానే ఇస్తారు, గడువు అయిపోకముందే దానంతట అదే మారేట్టు పెట్టుకోవచ్చు అని ఎన్నిసార్లు చెప్పినా, "రన్ అవుతున్న దాన్ని ఎందుకు కెలుకుడు?" అన్నాడు. ఆండ్రాయిడ్ 9ని, అంటే ఏపీఐ 28ని, లేదా ఆ పై వెర్షన్‌ను టార్గెట్ చేసిన యాప్‌లకు ఆ ఫోన్లలో తాళం లేని, అంటే క్లియర్‌టెక్స్ట్ హెచ్‌టీటీపీ మామూలుగా బంద్. అందుకని రిలీజ్ బిల్డ్‌లో ఆయన సర్వర్ ఒక్కదానికే మినహాయింపు రాసిపెట్టా:

```xml
<domain-config cleartextTrafficPermitted="true">
  <domain>rates.example.com</domain>
</domain-config>
```

కథంతా ఇక్కడే. ప్రెసిడెంట్ గారి ఫోన్లో మొదటి రిక్వెస్ట్ మా సర్వర్ పేరుతో పోయింది, మినహాయింపు ఉంది కాబట్టి ఫోన్ పోనిచ్చింది. గేట్‌వే దాన్ని 10.5.50.1 వైపు తిప్పింది. యాప్‌లో ఉన్న ఓకేహెచ్‌టీటీపీ లైబ్రరీ రీడైరెక్ట్‌ను అడక్కుండానే అనుసరిస్తుంది, కానీ కొత్త చోటికి పోయేముందు ఆ చోటుకు అనుమతి ఉందా అని మళ్లీ చూస్తుంది. జాబితాలో ఆ పేరు లేదు, ఆపేసింది. నా డీబగ్ బిల్డ్‌లో అందరికీ అనుమతి. కాబట్టి లాగిన్ పేజీ దాకా పోయి, 200 కోడ్‌తో వచ్చిన ఆ పేజీని 'విజయం' అనుకుని, మా సర్వర్ రేట్లు పంపే జేసన్ ఫార్మాట్ లాగా చదవబోయింది. మొదటి అక్షరమే `<`. రోగం ఒక్కటే, లక్షణాలు రెండు. క్లియర్‌టెక్స్ట్ ఎర్రర్ చూసి మన కాన్ఫిగ్ తప్పేమో అని వెతుకుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అందులో ఉన్న అడ్రస్ మనదా కాదా అన్నది ముందు చూడాలి. '10.'తోనో '192.168.'తోనో మొదలైతే దారిలో ఎవడో ఉన్నట్టే.

సర్వర్ హెచ్‌టీటీపీఎస్ మీద ఉండి ఉంటే రేటు వచ్చేదా అంటే, రాదు. మా సర్వర్ పేరు మీద సర్టిఫికెట్ గేట్‌వే దగ్గర ఉండదు కాబట్టి సర్టిఫికెట్ ఎర్రరో, టైమౌటో వచ్చేది. కానీ బిర్యానీ మాత్రం తెరకెక్కేది కాదు. నాకు అదే పదివేలు.

ఇక ఆ కుర్రాడి మూడు చుక్కల వైద్యం. మామూలుగా ఆండ్రాయిడ్ ఇలాంటి వైఫైని నమ్మదు. 204 రాకపోతే 'లాగిన్ అవ్వండి' అని నోటిఫికేషన్ వేసి, మొబైల్ డేటా ఉంటే దాన్నే వాడుకుంటుంది. యాప్‌లు కూడా `NET_CAPABILITY_VALIDATED` అనే గుర్తు చూసి నెట్ నిజంగా ఉందో లేదో తెలుసుకోవచ్చు. కానీ 'ఉన్నది ఉన్నట్టు వాడు' అని నొక్కితే, ఫోన్ ఆ నెట్‌వర్క్‌ను పరీక్ష పాసైన లెక్కలో వేసేసుకుంటుంది. గుర్తు చూసి రిక్వెస్ట్ పంపే యాప్ కూడా అక్కడ మోసపోవలసిందే.

అందుకని రాత్రే రెండు మార్పులు చేశా. సర్వర్‌తో మాట్లాడే క్లయింటులో రీడైరెక్ట్‌లు అనుసరించడం బంద్ చేశా, మా ఏపీఐ ఎప్పుడూ ఎవరినీ ఎక్కడికీ తిప్పదు కాబట్టి. జవాబు 302 అయినా, లేక దాని `Content-Type` `application/json` కాకపోయినా, చదవబోకుండా 'ఈ వైఫైలో ముందు లాగిన్ కావాలి, లేదా మొబైల్ డేటా పెట్టండి' అని తెలుగులో చూపిస్తుంది. రెండో షరతు ఎందుకంటే, కొన్ని గేట్‌వేలు తిప్పకుండా నేరుగా 200తోనే లాగిన్ పేజీని చేతిలో పెడతాయి.

రిసెప్షన్‌లోనే కొత్త బిల్డ్ పరీక్షించా. మెసేజ్ చక్కగా వచ్చింది. మేనేజర్ గారు అది తొంగిచూసి, మా వైఫైలో ఏ ప్రాబ్లమూ లేదు, మీ యాప్‌లోనే ఏదో ఉంది అన్నారు. ఆ చేత్తోనే హాల్ బిల్లు ఇచ్చారు. అందులో వైఫైకి వేరే లైన్ ఉంది, జీఎస్టీతో కలిపి.