రెన్యువల్‌కి ముందు రాయాల్సిన ఉత్తరం

మన ఆర్కిటెక్టుల్లో చాలామంది ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ తీసుకుంటారు, ఏటా ప్రీమియం కడతారు. తీరా బిల్డింగులో బీట కనపడితే మాత్రం ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పడానికి వణికిపోతారు. "ఇంకా ఎవరూ నోటీసు ఇవ్వలేదు కదండీ, మనమే ఎందుకు గోక్కోవడం? రాస్తే వచ్చే ఏడు ప్రీమియం పెరుగుద్ది" అని సలహా ఇచ్చేది కూడా పాలసీ అమ్మిన ఏజెంటే. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఇది కారు ఇన్సూరెన్స్ లాంటిది కాదు. కారు గుద్దుకున్న రోజున ఏ పాలసీ ఉంటే అదే డబ్బిస్తుంది. ఇక్కడ మీరు డ్రాయింగు ఎప్పుడు గీశారని కాదు, మీ మీద క్లెయిమ్ ఎప్పుడు వచ్చిందని చూస్తారు. క్లెయిమ్ వచ్చిన ఏడాది నడుస్తున్న పాలసీ డబ్బు కట్టాలి. దీనికి ఒక వెసులుబాటు ఉంది. ఫలానా బిల్డింగులో ఫలానా పరిస్థితి వచ్చింది, రేపు నా మీద క్లెయిమ్ రావచ్చు అని పాలసీ గడువులోనే రాతపూర్వకంగా తెలియజేస్తే, ఆ క్లెయిమ్ రెండేళ్ళ తర్వాత వచ్చినా ఈ ఏడాదిలోనే వచ్చినట్టు లెక్క. మీ పాలసీలో ఈ క్లాజు ఉందో లేదో ఇవాళే తీసి చూసుకోండి.

రాయకుండా రెన్యువల్‌కి వెళితే ఏమవుతుంది? కొత్త ప్రపోజల్ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: క్లెయిమ్‌కి దారితీసే పరిస్థితులు ఏవైనా మీకు తెలుసా అని. "లేదు" అని సంతకం పెడితే, దాచిపెట్టారని రేపు చెయ్యి దులిపేసుకుంటారు. "అవును" అంటే కొత్త పాలసీలోంచి ఆ బిల్డింగుని తీసేస్తారు. పాత పాలసీ గడువేమో ఈలోపు అయిపోయింది. ప్రీమియంలో నాలుగు డబ్బులు మిగిలాయని సంతోషించిన మనిషి ఏ పాలసీ కిందా లేకుండా రోడ్డు మీద నిలబడతాడు.

మా దగ్గర పనిచేసి ఇప్పుడు పాలకొల్లు వైపు సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్న కుర్రాడి సంగతి చెబుతాను. కాలవ గట్టున ఒక ఫంక్షన్ హాలు కట్టించాడు. మన డెల్టా నేల తెలిసిందే కదా: పైన నల్లమట్టి, కింద మెత్తటి బంకమన్ను, కాస్త తవ్వితే నీళ్ళు. అందుకే పెద్ద హాలుని పైల్స్ మీద నిలబెట్టారు. పక్కనున్న వంటశాల, భోజనాల బ్లాకుకి బరువు తక్కువ కాబట్టి సాయిల్ రిపోర్టు ప్రకారం మామూలు ఫుటింగ్స్ వేశారు. హాలు అప్పగించాక సరిహద్దు అవతల చేలో చేపల చెరువు తవ్వారు. పట్టుబడి వచ్చినప్పుడల్లా దాని నీళ్ళు తోడేస్తారు.

రెండు బ్లాకులు కలిసేచోట బీట వచ్చింది, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు పాకాయి. బీట మీద గాజు ముక్క అతికిస్తే మూడు వారాల్లో పగిలింది. అంటే కదలిక ఇంకా ఆగలేదు. 6 మీటర్ల దూరంలో ఉన్న రెండు కాలమ్‌ల దగ్గర ప్లింత్ బీము ఎత్తులో 18 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. అంటే 333కి 1. కాంక్రీటు ఫ్రేముకి ఐఎస్ 1904 ఒప్పుకునేది 666కి 1. దాదాపు 300కి 1 దగ్గరికొస్తే గోడలు పగులుతాయని పునాదుల ఇంజనీర్లు ఎప్పుడో తేల్చారు. కట్టినప్పుడే కొంత తేడా ఉండి ఉండొచ్చు, అది వేరే సంగతి. క్లెయిమ్ రావచ్చు అనుకోవడానికి మాత్రం ఈ అంకెలు చాలు.

హాలు యజమాని మంచివాడే. "మాఘమాసం పెళ్ళిళ్ళు అవ్వనీండి, ఆ తర్వాత కూర్చుని తేల్చుకుందాం" అన్నాడు. పెళ్ళిళ్ళయ్యి, ఆయన తీరిగ్గా కూర్చునేసరికి మార్చి 31 దాటిపోతుంది. కుర్రాడి పాలసీ గడువు సరిగ్గా ఆ రోజుకే.

ఉత్తరం రాసి నాకు చూపించాడు. మొదటి వాక్యమే "మా పునాది డిజైన్ లోపం వల్ల వంటశాల బ్లాకు కుంగుతోంది" అని ఉంది. "ఒరేయ్, లోపం మీదని నీకెవరు చెప్పారు? కారణం చెరువు కావచ్చు, నేల పరీక్షకి బోరు వేసిన చోటు కావచ్చు, కాంట్రాక్టరు తక్కువ లోతులో ఫుటింగ్ వేసి ఉండొచ్చు, స్ట్రక్చరల్ కన్సల్టెంటు లెక్క కావచ్చు" అన్నాను. కంపెనీ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదని పాలసీలోనే షరతు ఉంటుంది. పైగా ఆ కాగితం రేపు ఎవరి చేతికి వెళుతుందో తెలీదు. చూసింది రాయాలి, కారణం రాయకూడదు. చివరికి ఇలా తయారైంది:

"పై పాలసీలోని నోటిఫికేషన్ క్లాజు కింద ఈ పరిస్థితిని తెలియజేస్తున్నాను. హాలు, వంటశాల బ్లాకులు కలిసేచోటా, వంటశాల గోడల్లోనూ పగుళ్ళు వచ్చినట్టు యజమాని ఫోన్ చేయగా మొదటిసారి నాకు తెలిసింది (తేదీ జత చేశాను). కొలతలు, ఫొటోలు పంపుతున్నాను. బ్లాకు కుంగుతున్నట్టు కనిపిస్తోంది, కారణం తేలలేదు. దీనివల్లా, దీనితో సంబంధమున్న నేల, పునాది, స్ట్రక్చర్ విషయాలవల్లా, వాటి పర్యవసానాలవల్లా (మరమ్మతు ఖర్చు, బుకింగుల నష్టం సహా) యజమాని గానీ మరెవరైనా గానీ నా మీద క్లెయిమ్ వేసే అవకాశం ఉంది. నేను ఏ బాధ్యతనూ ఒప్పుకోవడం లేదు. అందినట్టు రాతపూర్వకంగా తెలపగలరు."

దీనికి అపాయింట్‌మెంట్ లెటరు, సాయిల్ రిపోర్టు, స్ట్రక్చరల్ కన్సల్టెంటు, కాంట్రాక్టర్ల వివరాలు జత చేశాడు.

ఆ "సంబంధమున్న" అన్న ముక్క ఊరికే పెట్టలేదు. ఇంగ్లండులో కజిమా అనే నిర్మాణ సంస్థ కేసు 2008లో తేలింది. ముందుగా తయారుచేసి తెచ్చిన గదుల్ని పేర్చి కట్టిన ఫ్లాట్లు అవి. గదులు కుంగి పక్కనున్న భాగాలు వంకర పోతున్నాయని సంస్థ ఇన్సూరర్‌కి రాసింది. తర్వాత విప్పి చూస్తే ఆ కుంగుబాటుతో సంబంధం లేని లోపాలు కూడా బయటపడ్డాయి. ముందు తెలియజేసింది కుంగుబాటు గురించే కాబట్టి ఆ మిగతావి దాని కిందకి రావని కోర్టు చెప్పింది. అలాగని "నా బిల్డింగులన్నిటిలో ఏదైనా సమస్య రావచ్చు" అని రాసినా చెల్లదు. మనకి నిజంగా తెలిసిన పరిస్థితి ఎంతవరకు పాకితే అంతవరకు రాయాలి, దాటకూడదు.

ఇక వాట్సాప్. మన గోదావరి జిల్లాల్లో క్లయింటు ఎవరో ఒకరికి బాబాయో మావయ్యో అయి ఉంటాడు. "బాబాయ్ గారూ, మీరేం టెన్షన్ పడకండి, నా ఖర్చుతో చేయించేస్తా" అని ఒక్క మెసేజ్ పెడితే ఇంత జాగ్రత్తగా రాసిన ఉత్తరం మీద నీళ్ళు పోసినట్టే. వెళ్ళి చూడండి, కొలతలు తీయండి. ప్రమాదం అనిపిస్తే ఆ బ్లాకు వాడొద్దని, ఆసరా స్తంభాలు పెట్టించమని వెంటనే రాసివ్వండి. అది తప్పు ఒప్పుకోవడం కాదు, మన ధర్మం. డబ్బు మాట మాత్రం కంపెనీని అడక్కుండా ఎత్తకండి.

ఉత్తరాన్ని ఏజెంటు చేతిలో పెట్టి ఊరుకోవద్దని కూడా చెప్పాను. పాలసీలో రాసిన చిరునామాకి స్పీడ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ పంపాడు. కంపెనీ నుంచి "నోట్ చేసుకున్నాం, క్లెయిమ్ నంబరు ఇంకా ఇవ్వడం లేదు" అని జవాబొచ్చింది. చాలు, కావాల్సింది అదే. రెన్యువల్ ఫారంలో ఆ ప్రశ్నకి "అవును" అని రాసి, ఉత్తరం నకలు జత చేశాడు. ఇప్పుడు నెలకోసారి లెవెల్ పెట్టి చూస్తున్నాడు. చెరువు నీళ్ళు తోడిన వారం వచ్చిన కొలతల్ని విడిగా రాసి కంపెనీకి పంపుతున్నాడు.