ఐరన్, క్యాల్షియం మాత్రలు ఒకే గుక్కలో వేసుకోవద్దు

పదహారేళ్లుగా మందుల కౌంటరులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన మాట ఒకటుంది. గర్భిణి చేతిలో ఐరన్ స్ట్రిప్పు, క్యాల్షియం స్ట్రిప్పు ఒకే కవరులో పెట్టి, "రెండూ భోజనం తర్వాత వేసుకోమ్మా" అని పంపించేస్తారు. ఏ మాత్ర ఏ పూట వేసుకోవాలో, రెండింటి మధ్య ఎంత వ్యవధి ఉండాలో ఎవరూ చెప్పరు. ఆమె నమ్మకంగా రెండూ కలిపి మింగుతుంది, నెల తర్వాత రక్తపరీక్షలో ఫలితం కనబడకపోతే "సరిగ్గా వేసుకోవడం లేదు" అనే నింద కూడా ఆమెకే పడుతుంది.

ఇది నా సొంత చెల్లెలికే జరిగింది కాబట్టి వివరంగా రాస్తున్నాను. దానికి ఐదో నెలలో హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. గర్భిణులలో 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనతగా లెక్క. డాక్టరు రోజుకు రెండు ఐరన్ మాత్రలు రాశారు. నెల తిరిగాక చూస్తే 9.6. సరిగ్గా వేసుకుంటే నెలలో కనీసం ఒక గ్రాము పెరగాలి. "ఒక్క పూట కూడా మానలేదక్కా, మలం నల్లగా కూడా వస్తోంది" అని ఏడ్చింది. నేను దాని మాత్రల డబ్బా తెరిచి, ఏది ఎప్పుడు వేసుకుంటున్నావో గంటలతో సహా చెప్పమన్నాను. ఉదయం ఆరింటికి థైరాయిడ్ మాత్ర, ఎనిమిదింటికి టిఫిన్, టీ అయిన వెంటనే ఒక ఐరన్, ఒక క్యాల్షియం, రాత్రి భోజనం అయ్యాక మళ్లీ ఒక ఐరన్, ఒక క్యాల్షియం. ఆ రాత్రి మాత్రలు మింగేది నీళ్లతో కాదు, గ్లాసుడు పాలతో. మాత్రలు మానకపోవడం నిజమే, మలం నల్లబడడమూ నిజమే. అయితే మలం నల్లబడడానికి కారణం ఒంటికి పట్టకుండా పేగుల్లో మిగిలిపోయిన ఇనుము, కాబట్టి మాత్ర లోపలికి వెళ్లిందనడానికే అది గుర్తు, పనిచేసిందనడానికి కాదు.

మనం తిన్న ఇనుము చిన్నపేగు మొదటి భాగంలో ఎక్కువగా రక్తంలోకి వెళుతుంది. అదే సమయానికి అక్కడికి క్యాల్షియం కూడా ఎక్కువ మోతాదులో చేరితే ఇనుము లోపలికి వెళ్లడం తగ్గుతుంది. ఒక్క పూట భోజనంతో చేసిన పరీక్షల్లో 300 నుంచి 600 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటే ఇనుము పట్టడం సగం వరకు తగ్గినట్టు తేలింది. మన క్యాల్షియం మాత్ర ఒక్కదానిలోనే 500 మిల్లీగ్రాములు ఉంటాయి, దాని పక్కన పాలు కూడా చేరాయి. ఇక టీలో ఉండే టానిన్లు ఇనుమును మరో దారిలో అడ్డుకుంటాయి. అయితే నెలల తరబడి మామూలు ఆహారంతో చూసినప్పుడు క్యాల్షియం ప్రభావం అంత తీవ్రంగా కనిపించదు. అందువల్ల ఎవరూ భయపడి పాలు, పెరుగు మానకూడదు, క్యాల్షియం మాత్ర అసలే మానకూడదు. మార్చవలసింది వేళలు మాత్రమే.

ఆ వేళలు మార్చడానికి మేమిద్దరం కూర్చుని లెక్క వేశాం. థైరాయిడ్ మాత్రకూ, ఐరన్, క్యాల్షియంలకూ మధ్య నాలుగు గంటలు ఉండాలి, ఐరన్‌కూ క్యాల్షియానికీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. ఈ రెండు నియమాలనూ పాటిస్తూ రోజును ఇలా సర్దాం. ఆరింటికి పరగడుపున థైరాయిడ్ మాత్ర, ఏడున్నరకు టిఫిన్, టీ. పదిన్నరకు నిమ్మరసం కలిపిన నీళ్లతో మొదటి ఐరన్. ఒంటిగంటకు మధ్యాహ్న భోజనంతో మొదటి క్యాల్షియం. సాయంత్రం ఐదుకు మళ్లీ నిమ్మనీళ్లతో రెండో ఐరన్. ఎనిమిదింటికి రాత్రి భోజనంతో రెండో క్యాల్షియం, పడుకునే ముందు పాలు. సాయంత్రం టీ మానలేనని అంది, దాన్ని ఏడింటికి జరిపాం. మందుల సంఖ్యలో ఏ మార్పూ చేయలేదు. నెల తర్వాత హిమోగ్లోబిన్ 10.7 వచ్చింది. ఒక్కరి అనుభవంతో అందరికీ ఇలాగే జరుగుతుందని నేను అనను. వేళలు సరిచేసినా పెరగకపోతే బి12 లోపం, వంశపారంపర్యంగా వచ్చే తలసీమియా లక్షణం వంటి వేరే కారణాలు ఉండవచ్చు, అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లి తదుపరి పరీక్షలు చేయించుకోవాలి.

క్యాల్షియాన్ని భోజనంతోనే వేసుకోమనడానికి కూడా కారణం ఉంది. ప్రభుత్వం ఇచ్చేవీ, దుకాణాల్లో ఎక్కువగా దొరికేవీ క్యాల్షియం కార్బొనేట్ మాత్రలు, అవి కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, అది భోజన సమయంలో బాగా ఊరుతుంది. గ్యాస్ మాత్రలు రోజూ వాడేవారికి ఈ రకం సరిగా పట్టదు, వారు డాక్టరును అడిగి క్యాల్షియం సిట్రేట్‌కు మారవచ్చు. రోజుకు వేసుకోవలసిన రెండు క్యాల్షియం మాత్రలూ ఒకేసారి వేసుకుంటే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే, ఒక విడతలో 500 మిల్లీగ్రాములు దాటితే పట్టే శాతం తగ్గుతుంది. స్ట్రిప్పు వెనుక అక్షరాలు కూడా ఒకసారి చదవండి. 1250 మిల్లీగ్రాముల క్యాల్షియం కార్బొనేట్‌లో అసలు క్యాల్షియం 500 మిల్లీగ్రాములు. కార్బొనేట్ 500 అని మాత్రమే ఉంటే అందులో అసలు క్యాల్షియం 200 మాత్రమే.

మన దేశ మార్గదర్శకాల ప్రకారం 14 వారాలు నిండినప్పటి నుంచి కాన్పు అయిన ఆరు నెలల వరకు రోజుకు రెండు క్యాల్షియం మాత్రలు వేసుకోవాలి. బిడ్డ ఎముకల కోసమే అని చాలామంది అనుకుంటారు, కానీ క్యాల్షియం తక్కువగా తినే తల్లుల్లో బీపీ పెరిగి, ఊళ్లలో గుర్రపు వాతం అనే మూర్ఛల దాకా వెళ్లే ప్రమాదాన్ని తగ్గించడం కూడా దీని ముఖ్య ఉద్దేశం.

తిండితోనే సరిపోతుంది కదా అని మా అత్తగారు అడిగారు. గర్భిణికి రోజుకు కావలసిన క్యాల్షియం 1000 మిల్లీగ్రాములు. గ్లాసు పాలలో సుమారు 240, చిన్న కప్పు పెరుగులో 120, ముప్ఫై గ్రాముల రాగిపిండితో కాచిన జావలో 110, పొట్టు తీయని నువ్వులు పది గ్రాములు తింటే మరో 120 వరకు వస్తాయి. ఇవన్నీ ఒకే రోజు తిన్నా 600 దాటదు, అన్నం, పప్పుచారుతో గడిచే రోజు అందులో సగం కూడా రాదు. మునగాకు మంచిదే. పాలకూర మీద మాత్రం ఆధారపడవద్దు, అందులోని ఆక్సలేట్లు క్యాల్షియాన్ని పట్టి ఉంచుతాయి. తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి కింద అంగన్‌వాడీలో భోజనంతో పాటు ఇచ్చే 200 మిల్లీలీటర్ల పాలు నిజంగా అక్కరకు వస్తాయి, అయితే ఆ పాలతోనే ఐరన్ మాత్ర మింగవద్దు.

విటమిన్ డి తిండిలో దొరికేది చాలా తక్కువ. గుడ్డు పచ్చసొన, కొవ్వు ఎక్కువగా ఉండే చేపలు, విటమిన్ కలిపిన పాలలో కొంత ఉంటుంది. రోజుకు కావలసిన 600 యూనిట్లలో 500 ప్రభుత్వపు రెండు క్యాల్షియం మాత్రల్లోనే వస్తాయి, ఒక్కోదానిలో 250 చొప్పున కలిపి ఉంటుంది. పక్కింటావిడ వాడిందని 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్టు అడిగి కొనే గర్భిణులను చూస్తుంటాను. రక్తపరీక్షలో లోపం తేలి డాక్టరు రాస్తేనే అది వాడాలి.

ఇప్పుడు నేను ప్రతి గర్భిణికీ ఐరన్ స్ట్రిప్పు మీద పెన్నుతో "పదిన్నర, నిమ్మనీళ్లు" అనీ, క్యాల్షియం స్ట్రిప్పు మీద "అన్నంతో" అనీ రాసి, రెండింటినీ వేర్వేరు కవర్లలో పెట్టి ఇస్తున్నాను. చదవడం రాని వారికి ఒక కవరు మీద నిమ్మకాయ, మరొకదాని మీద కంచం బొమ్మ గీస్తాను. ఒక్కొక్కరికీ ఒక్క నిమిషం కూడా పట్టదు.