సవరణ: 45కే రిటైర్మెంట్ లెక్కలో నా తప్పు

నా పాత లెక్కపై ఓ పాఠకుడి ప్రశ్న: “రెండు కోట్లుంటే ఏటా 4 శాతం, అంటే 8 లక్షలు తీసుకోవచ్చన్నారు. 45 ఏళ్లకే మానేసినా అంతేనా? హెల్త్ ఇన్సూరెన్స్ ఎక్కడ?”

కాదు, నేను తప్పు రాశాను. 4 శాతం సూత్రం 1994లో అమెరికా మార్కెట్ లెక్కలతో, 30 ఏళ్ల కాలానికి వేసింది. 45కే మానేస్తే డబ్బు 45 ఏళ్లు నిలవాలి. మన ధరల పెరుగుదలకు 3 శాతం దాటకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

వైద్యాన్ని అసలు కలపలేదు, అదే పెద్ద తప్పు. ఉద్యోగంతో పాటే కంపెనీ పాలసీ పోతుంది. ఉద్యోగుల పెన్షన్ పథకమైన ఈపీఎస్ నుంచి పెన్షన్ పూర్తిగా రావాలంటే 58 నిండాలి. మధ్యలో 13 ఏళ్లు కంపెనీ పాలసీ లేదు, పూర్తి పెన్షన్ లేదు.

రెండు కోట్లలో 10 లక్షలు ఆసుపత్రి ఖర్చులకని పక్కన పెట్టండి. మిగతా 1.9 కోట్లపై 3 శాతమంటే 5.7 లక్షలు. ప్రీమియంకి 60 వేలు అనుకుంటే ఇంటికి మిగిలేది నెలకు 42,500. నేను రాసింది 66 వేలు! ప్రీమియం వయసుతో పెరుగుతుంది కూడా.

సొంత పాలసీని రాజీనామాకి మూడేళ్ల ముందే తీసుకోండి. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ మూడేళ్ల దాకా ఉండొచ్చు. జీతం ఉండగానే అది గడిచిపోవాలి. ప్రపోజల్ ఫారంలో ఆ జబ్బులు దాచొద్దు, క్లెయిమ్ ఆగేది అక్కడే.