కెమెరా మీది, మెయిల్ మాది

శుక్రవారం రాత్రి తొమ్మిది గంటలకు జరగవలసిన సాఫ్ట్‌వేర్ రిలీజ్ పదిన్నరకు మారింది. ఈ సంగతి తెలియజేయడానికి మాదాపూర్‌లోని ఒక కార్యాలయం పదహారు మందిని అరగంట వీడియో మీటింగ్‌కు పిలిచింది. ఆహ్వానంలో ‘కెమెరాలు తప్పనిసరి’ అని ప్రత్యేకంగా రాశారు. రాత్రి తొమ్మిదికి, పదిన్నరకు మధ్య ఉన్న తేడా ముఖాలు చూసుకోకుండా అర్థం చేసుకోగలిగినంత చిన్నది కాదని యాజమాన్యం భావించినట్టుంది.

మొదటి ఐదు నిమిషాలు ‘ఇంకెవరైనా రావాలా, మరో నిమిషం చూద్దాం’ అన్న మాటతో గడిచాయి. తరువాత నిర్వాహకులు ఎంతో ఆవేశంగా, చేతులు ఊపుతూ, ఒక్క శబ్దమైనా బయటికి రాకుండా ప్రసంగించారు. ‘సార్, మ్యూట్‌లో ఉన్నారు’ అని ఆరుగురు ఒకేసారి చెప్పడంతో ఎవరి మాటా ఆయనకు అర్థం కాలేదు. ఆ అడ్డంకి దాటాక ఆయన స్క్రీన్ షేర్ చేశారు. మొదట వచ్చింది ఆయన షేర్ల ఖాతా. అందరూ మర్యాదగా తల దించుకున్నారు, అయితే ఏ కంపెనీలో ఎంత పోయిందో ఆ సాయంత్రానికి క్యాంటీన్‌లో అందరికీ తెలుసు. ఆ పైన అసలు ప్రజెంటేషన్ వచ్చింది. అందులో మూడు స్లైడ్లు ఉన్నాయి: నేపథ్యం, మార్పు, ముందుకు మార్గం. రెండో స్లైడ్‌లో ‘రాత్రి 10:30’ అని ఉంది. ఒక కుర్రవాడు ‘అంటే తొమ్మిదికి కాదాండీ?’ అని అడిగాడు. ‘చాలా మంచి ప్రశ్న’ అన్నారు నిర్వాహకులు. ఎవరింట్లోనో కుక్కర్ మూడు కూతలు కూసింది. ఇరవయ్యో నిమిషంలో ఒక పెద్దాయన ప్రవేశించి, వేరే మీటింగ్‌లో ఇరుక్కుపోయానని విచారం వెలిబుచ్చి, ‘ఒక్కసారి నా కోసం మొదటి నుంచి చెప్తారా?’ అన్నారు. చెప్పారు. మీటింగ్ ముగిసిన పావుగంటకు, అందులో తేలిన విషయాలను నమోదు చేస్తూ పదహారు మందికీ ఒక మెయిల్ వచ్చింది. అందులో ఒకే ఒక్క వాక్యం ఉంది. అది కూడా తప్పు. పదిన్నర పక్కన ‘ఉదయం’ అని పడింది.

ఆ మెయిల్ ఒక్కటే, సరిగ్గా రాసి, ముందే పంపి ఉంటే సరిపోయేది. పాలవాడు రేపు రాడని చెప్పడానికి ఊరి పెద్దలందరినీ రచ్చబండ దగ్గరకు పిలిచినట్టు జరిగిన ఈ వ్యవహారాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం తేలిక. ఈ విషయంలో అజ్ఞానంగా ఉండడానికి మాత్రం ఎవరికీ వీలు లేదు, ఎందుకంటే దీనికి ఎప్పుడో శాస్త్రం రాసి పెట్టారు.

రిచర్డ్ డాఫ్ట్, రాబర్ట్ లెంగెల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1980ల మధ్యలో మీడియా రిచ్‌నెస్ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. ఒక మాధ్యమం ఎంత సంపన్నమైనదో నాలుగు లక్షణాలను బట్టి చెప్పవచ్చునన్నారు. ఎదుటివారి స్పందన వెంటనే తెలుస్తుందా, మాటతోపాటు గొంతు, ముఖం, చేతులు కూడా సంకేతాలు పంపుతాయా, సహజమైన భాష వాడుకోవచ్చునా, మాట ఈ మనిషికే చెప్తున్నట్టు ఉంటుందా అన్నవి ఆ నాలుగు. వారి వరుసలో ముఖాముఖి అన్నిటికంటే పైన, తరువాత ఫోను, ఆ కింద ఉత్తరాలు, అట్టడుగున అంకెల పట్టికలు ఉన్నాయి. ఈమెయిల్, వీడియో ఆ తరువాత వచ్చి వాటి వాటి అంతస్తుల్లో సర్దుకున్నాయి.

సిద్ధాంతంలో అసలు ప్రాణం ఈ వరుస కాదు, రెండు రకాల చిక్కుల మధ్య వారు గీసిన గీత. మొదటిది సమాచారం లేకపోవడం: రిలీజ్ ఎన్ని గంటలకో తెలియదు, చెప్తే తెలుస్తుంది, అంతటితో సరి. రెండవది సమాచారమంతా ఉన్నా దానికి ఒక్కొక్కరు ఒక్కో అర్థం తీయడం. దీనికి ఇంకా సమాచారం పోస్తే గందరగోళం పెరుగుతుందే తప్ప తగ్గదు. మొదటిదానికి పేద మాధ్యమం చాలు, పైగా అదే మేలు. రెండవదానికి సంపన్న మాధ్యమం కావాలి, ఎందుకంటే అక్కడ మనుషులు ఎదురెదురుగా కూర్చుని ముందు ప్రశ్న ఏమిటో తేల్చుకోవాలి.

ఇప్పుడు అదే కార్యాలయంలో రెండో రకం చిక్కు వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి. క్లయింట్ దగ్గర నుంచి ‘డ్యాష్‌బోర్డ్ ఇంకొంచెం సింపుల్‌గా ఉండాలి’ అని ఒక వాక్యం వచ్చింది. డిజైన్ వాళ్లు రంగులు తగ్గించమన్నారనుకున్నారు. డెవలపర్లు పేజీ త్వరగా తెరుచుకోవాలన్నారనుకున్నారు. టెస్టింగ్ వాళ్లు సగం నివేదికలు తీసేయమన్నారని ఆనందపడ్డారు. ఫోన్ తీసి క్లయింట్‌నే అడిగితే పది నిమిషాల్లో తేలే ఈ విషయాన్ని ఎవరూ ఫోన్ దాకా పోనివ్వలేదు. మెయిల్ మీద మెయిల్ రాశారు. ప్రతి మెయిల్‌కూ మరో ఇద్దరిని సీసీలో చేర్చారు. ‘నా క్రితం మెయిల్‌లో పేర్కొన్నట్టుగా’ అన్న మాట మొదటిసారి కనబడగానే ఆపవలసింది, ఎందుకంటే గుర్తు అదే: మూడో జవాబుకు కూడా అదే ప్రశ్న కొత్త చొక్కా వేసుకుని తిరిగి వస్తుంటే, అక్కడ లోపించింది సమాచారం కాదు, ఉమ్మడి అర్థం. మెయిల్ గొలుసు చివరకు అధికారుల దాకా వెళ్లింది. క్లయింట్ కోరింది లాగిన్ పేజీలో ఒక బటన్ తీసేయడమని ఎవరో విమానాశ్రయంలో ఆయనను కలిసినప్పుడు తెలిసింది.

సిద్ధాంతం చెప్పినదానికి ఇంత కచ్చితంగా తలకిందులుగా నడవడం అజ్ఞానం వల్ల సాధ్యం కాదు. ఏమీ తెలియనివాడు కనీసం సగం సార్లు పొరపాటున సరైన దారిలో వెళ్తాడు.

నిజానికి ఈ సిద్ధాంతం కూడా వేదవాక్కేమీ కాదు. లిన్ మార్కస్ 1994లో ప్రచురించిన పరిశోధనలో, మేనేజర్లు చిక్కుముడి విషయాలకు కూడా ఈమెయిల్‌నే ధారాళంగా వాడుతున్నారని తేలింది. మెయిల్ ఎంతమందికైనా ఒక్కసారే చేరుతుంది, రికార్డు మిగులుతుంది, ఎదుటివారు సీట్లో ఉండనవసరం లేదు. 1998లో అలన్ డెన్నిస్, సుసాన్ కిన్నీ ప్రయోగం చేసి చూస్తే, చిక్కును బట్టి మాధ్యమాన్ని జత చేసినంత మాత్రాన నిర్ణయాలు మెరుగుపడలేదు. కాబట్టి మాధ్యమం ఎంచుకునేవాడు సంపన్నతను ఒక్కదాన్నే చూడడు. తనకు ఏం మిగలాలో, ఏం మిగలకూడదో కూడా చూసుకుంటాడు. మా కార్యాలయాల రహస్యం సరిగ్గా ఇక్కడే ఉంది.

జీతం పెంచమని మెయిల్ రాసి చూడండి. జవాబు రాదు, ఫోన్ వస్తుంది. ‘ఇవన్నీ మెయిల్‌లో ఎందుకండీ, మనం మనం మాట్లాడుకుందాం’ అంటారు. ఆ ఆప్యాయతకు కళ్లు చెమర్చకూడదు. ఫోన్‌లో ఇచ్చిన మాటకు సాక్ష్యం ఉండదు. ఆ తరువాత వీడియోలోకి రమ్మంటారు. దీని వెనక ఉన్న విజ్ఞానం ఇంకా పాతది. జాన్ షార్ట్, ఎడరిన్ విలియమ్స్, బ్రూస్ క్రిస్టీ 1976లో బ్రిటన్‌లో సోషల్ ప్రెజెన్స్ సిద్ధాంతాన్ని గ్రంథస్థం చేశారు. అవతల ఒక నిజమైన మనిషి ఉన్నాడన్న స్పృహ ఒక్కో మాధ్యమంలో ఒక్కో మోతాదులో కలుగుతుందని, ఆ మోతాదును మనుషులు వెచ్చదనంగా, ఆత్మీయతగా, లేదా చల్లదనంగా గుర్తిస్తారని చెప్పారు. బేరసారాల మీద ఆ రోజుల్లో బ్రిటన్‌లో జరిగిన ప్రయోగాల్లో ఒక ముచ్చటైన ఫలితం వచ్చింది: ఎదురెదురుగా కూర్చున్నప్పటి కంటే గొంతు మాత్రమే వినబడేటప్పుడు బలమైన వాదన ఉన్నవారు ఎక్కువగా నెగ్గారు. ముఖం కనబడితే మొహమాటం అడ్డొస్తుంది, వాదన పక్కకు పోతుంది. అంటే న్యాయం మీ పక్షాన ఉంటే ఫోన్‌లోనే, ఆ వెంటనే ఒక మెయిల్‌తో ముగించడం మీకు లాభం. మీ మేనేజరు కెమెరా ఆన్ చేయమని ఎందుకు అంతలా బతిమాలతారో ఇక వేరే చెప్పనక్కరలేదు.

ఈ లెక్కన మా యాజమాన్యాలకు ఈ రెండు సిద్ధాంతాలూ మనకంటే బాగా తెలుసు. మనిషి ఉనికి మన మీద భారంగా పడే చోటల్లా దాన్ని పెంచుతారు: పలకరింపులకు కెమెరా, హాజరుకు కెమెరా, గంటన్నర వార్షిక లక్ష్యాల ప్రసంగానికి కెమెరా. రోజంతా ఎదుట తన ముఖమే తనకు అద్దంలో లాగా కనబడడం మనిషిని అలసటకు గురిచేసే కారణాల్లో ఒకటని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ బైలెన్సన్ 2021లో రాసినా, ఆ అలసటను అంకితభావమనే పద్దులో వేసుకుంటారు. మనిషి ఉనికి వాళ్ల మీద భారంగా పడే చోటు మాత్రం ఒక్కటే ఉంటుంది. అక్కడ దాన్ని పూర్తిగా తీసేస్తారు.

ఆ చోటు మీకు తెలుసు. తెల్లవారుజామున మెయిల్ వస్తుంది. పంపినవారి పేరు ఉండదు, జవాబు రాస్తే తిరిగి వస్తుంది. ఎనిమిదేళ్లు పనిచేసిన మనిషికి తన ఉద్యోగం పోయిందని తెలిసేలోగా లాగిన్ పోతుంది, గేటు దగ్గర కార్డు పచ్చగా వెలగదు. ‘ఎందుకు?’ అని అడగడానికి ఒక ముఖం గానీ గొంతు గానీ దొరకదు. సమాచారం అందులో పూర్తిగా ఉంది, నిజమే. చివరి తేదీ, ల్యాప్‌టాప్ అప్పగించే చిరునామా, అన్నీ ఉన్నాయి. అర్థమే లేదు. తప్పు తనదా, ప్రాజెక్టుదా, మార్కెట్‌దా, ఇంట్లో ఏమని చెప్పాలి అన్న ఆ చిక్కు కోసమే కదా డాఫ్ట్, లెంగెల్ అత్యంత సంపన్న మాధ్యమాన్ని పై మెట్టు మీద కూర్చోబెట్టింది! వీడియో వాడినా ఇదే తంతు. 2021 డిసెంబరులో అమెరికాలో ఇంటి రుణాలిచ్చే సంస్థ బెటర్ డాట్ కామ్ అధిపతి విశాల్ గార్గ్ ఒకే జూమ్ కాల్‌లో సుమారు తొమ్మిది వందల మందికి, మీరు ఈ కాల్‌లో ఉన్నారంటే తొలగించబడ్డవారిలో ఉన్నట్టేనని చెప్పేశారు. ముఖం కనబడింది, గొంతు వినబడింది, కానీ స్పందన తిరిగి వెళ్లే దారి మూసేశారు, ఏ ఒక్కరితోనూ ఆ మనిషికే చెప్తున్నట్టు మాట్లాడలేదు. నాలుగు లక్షణాల్లో రెండు పీకేశాక మిగిలింది ముఖమున్న నోటీసు బోర్డు. దీన్ని మర్యాద అని పిలిచేవారి మొహమాటం లేనితనం చూస్తే ఒళ్లు మండుతుంది. పిరికితనమని పిలవండి, సరిపోతుంది.

ఇంతమందితో విడివిడిగా మాట్లాడడం ఆచరణలో సాధ్యం కాదని హెచ్‌ఆర్ విభాగాల వాదన. ఆ మాట నమ్మే ముందు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. నాలుగు రావలసిన అప్రైజల్ రేటింగ్ మూడు ఎందుకైందో వివరించడానికి, వీళ్లే ప్రతి సంవత్సరం ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని, తలుపు వేసి, ముప్పావు గంట మాట్లాడతారు.