గుండె చప్పుళ్లు లెక్కపెడితే మనసు తెలిసిపోతుందట

"అలెక్సిథైమియా ఉన్నవాళ్లకు మనసులో ఏ భావాలూ ఉండవు. ఇది మగవాళ్ల జబ్బు. పరీక్ష: నాడి పట్టుకోకుండా గుండె చప్పుళ్లు లెక్కపెట్టండి, తప్పితే మీకూ ఉన్నట్టే. శరీరం అబద్ధం చెప్పదు. రోజూ పది నిమిషాలు కళ్లు మూసుకుని ఒంటిని వినండి. ఛాతీ బరువంటే అణచుకున్న దుఃఖమే, డాక్టరుతో పనిలేదు."

ఈ నెలలో ఈ ఫార్వర్డ్ నాకు నాలుగోసారి రావడం. స్కూలు గ్రూపులో ఒకడు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇద్దరు, నిన్న మా పిన్ని. పిన్నిని ఏమీ అనలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

భావాలు ఉండవనేది తప్పు. 1970ల మొదట్లో పీటర్ సిఫ్నియోస్ అనే సైకియాట్రిస్టు గ్రీకు ముక్కలు అతికించి చేసిన మాట అలెక్సిథైమియా. భావానికి మాట లేకపోవడం అని అర్థం. మాట దొరకదన్నాడు గానీ భావమే లేదనలేదు. పైగా ఇది జబ్బు కాదు, కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ ఉండే ఒక తీరు. మగవాళ్ల సంగతంటారా, వాళ్ల సగటు కాస్త ఎక్కువ, అంతే. ఆడవాళ్లలోనూ ఉంటుంది.

ఇక ఆ పరీక్ష. 1981 నుంచి పరిశోధకులు వాడుతున్నదే, ఫార్వర్డ్ వాళ్లు పుట్టించింది కాదు. కానీ మా ఇంట్లో ఏం జరిగిందో చూడండి. మా బావ చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాడు. ఆయన కళ్లు మూసుకుని మనసులో లెక్కపెడుతుంటే నేను మణికట్టు పట్టుకుని 45 సెకన్లు చూశా. నాకు 54 వచ్చింది, ఆయనా 54 అన్నాడు. ఎట్లా బావా అంటే, "నిమిషానికి 72 కదా, ముప్పావు నిమిషానికి 54" అన్నాడు. ఒక్క చప్పుడూ వినలేదు, గుణించాడు! తర్వాత అక్క. బీపీ మాత్రల వల్ల తన నాడి నిదానం, 45 సెకన్లకు 45. తనకు నిజంగా తెలిసినవి మాత్రమే లెక్కపెట్టి 18 అంది. అంటే బావకు నూటికి నూరు, అక్కకు నలభై. ఫార్వర్డ్ ప్రకారం అక్కకు అలెక్సిథైమియా. ఎవరి మీద, ఎందుకు, ఎప్పటినుంచి కోపమో ఆపకుండా గంట చెప్పగల మనిషికి! పరిశోధకులూ ఇదే పట్టుకున్నారు: ఊహించొద్దు, తెలిసిన చప్పుళ్లే చెప్పండి అనగానే జనం చెప్పే సంఖ్య బాగా పడిపోతుంది. అలెక్సిథైమియాను అంచనా వేయడానికి ఎక్కువగా వాడేది టొరంటోలో తయారైన 20 ప్రశ్నల పట్టిక, దాంట్లో స్కోరు 61 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఉన్నట్టు లెక్క. నాడితో పనిలేదు.

ఇంత తిట్టినా ఒకటి ఒప్పుకోవాలి, శరీరానికీ దీనికీ సంబంధం ఉందన్నది ఉత్త మాట కాదు. అలెక్సిథైమియా ఎక్కువున్న చాలామంది ఆకలి, అలసట, కోపం ఒకదానితో ఒకటి కలిసిపోతాయని చెబుతారు.

కానీ ఆ ఫార్వర్డ్ చివరి ముక్క, ఒంటిని వినండి, డాక్టరుతో పనిలేదు అన్నది ఉంది చూశారూ, దానికే నాకు ఒళ్లు మండింది. అలెక్సిథైమియా ఉన్నవాళ్లలో కొందరికి ఒంటి సంకేతాలు వినపడకపోవడం కాదు, దండిగా వినపడతాయి, అవి ఏమిటో తెలియదు. ఆ 20 ప్రశ్నల్లోనే, డాక్టర్లకు కూడా అర్థంకాని అనుభూతులు నా ఒంట్లో ఉంటాయి అనే వాక్యం ఉంది. అలాంటి మనిషిని కళ్లు మూసుకుని ఇంకా వినమంటే ఏం వింటాడు? ఇంకో దడ, ఇంకో మంట, ఇంకాస్త టెన్షన్. శరీరం అబద్ధం చెప్పదు సరే, నిజమూ పేరు పెట్టి చెప్పదు. అలిపిరి మెట్లెక్కి గాలిగోపురం దగ్గర నిలబడండి, దడ ఉంటుంది. అది దుఃఖమా స్వామీ?

బావకు పోయినేడు ఛాతీలో బరువు, మంట. ఎలా ఉన్నావంటే "గ్యాస్" అనేవాడు. ముందు ఈసీజీ తీయించాం, ఎందుకంటే బయటినుంచి చూస్తే గుండె జబ్బూ దిగులూ ఒకేలా ఉంటాయి, యాభై దాటిన మనిషి ఆ రెంటినీ ఇంట్లో కూర్చుని తేల్చలేడు. ఈసీజీ, మిగతా పరీక్షలూ బాగున్నాయన్నారు. ఆ తర్వాత కౌన్సెలర్ ఏం అనిపిస్తోందని అడగలేదు. ఎప్పుడొచ్చింది, దానికి అరగంట ముందు ఏం జరిగింది, ఏం తిన్నావు, ఇవి రాయమంది. లెక్కల మనిషి కదా, శ్రద్ధగా రాశాడు. మూడు వారాల పుస్తకంలో మంట ఎక్కువగా ఆదివారం ఏడింటికి. భోజనం తొమ్మిదికి, అంటే తిండి కాదు. ఏడింటికి ముందు ఉన్నది బెంగళూరు నుంచి కూతురి వీడియో కాల్. తనకు తానుగా దిగులు అనే మాట ఆయన నోట రాలేదు, ఆ వరస చూశాక వచ్చింది.

మొన్న ఆదివారం ఆయనే ఫోన్ చేశాడు. "ఇది ఆకలో, దిగులో తెలియట్లేదు, ముందు సంగటి తిని చూస్తా" అన్నాడు. పదింటికి మళ్లీ చేశాడు. తిన్నా పోలేదట.