ఇరవయ్యా, అరవయ్యా? ఆరు మైకుల పెట్టె చెప్పని సంగతి

ఈ మధ్య విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో ఏ ఫోన్ల దుకాణంలోకి అడుగుపెట్టినా ఇయర్‌బడ్స్ పెట్టెల మీద ముందుగా కంటపడేది మైకుల లెక్క. నాలుగు మైకులకు ఒక ధర, ఆరు మైకులకు మరో ధర, కౌంటర్ దగ్గరి కుర్రవాడు బేరం మొదలుపెట్టేదీ అక్కడి నుంచే. రోడ్డు పక్కన నిలబడి ఫోన్లో పని చక్కబెట్టుకోవలసిన మనిషికి ఆ లెక్క దాదాపు దేనికీ కొరగాదని, దుకాణం గడప దాటి రెండు నిమిషాలు నిలబడి ఇంటికి చేసే ఒక్క కాల్ అంతకంటె ఎంతో ఎక్కువ చెబుతుందని నా వాదన.

మా బావమరిది ఇళ్లు కట్టేవాళ్లకు సిమెంటు, ఇనుము సరఫరా చేస్తాడు. ఒక రోజు గాజువాక కూడలిలో నిలబడి, చెవిలో ఆరు మైకుల ఇయర్‌బడ్స్‌తో, గోదాముకు ఫోన్ చేసి ఇరవై బస్తాలు పంపమన్నాడు. సాయంత్రానికి సైటు ముందు అరవై బస్తాలు దిగాయి. గోదాము గుమస్తాను తప్పుపట్టడానికి లేదు. అతనికి వినబడింది ‘రవై’ మాత్రమే. మొదటి అక్షరాన్ని అతను ఊహించుకున్నాడు, ఆ ఊహ తప్పింది. బస్తాలు వెనక్కి పంపిన ఆటో కిరాయి మా వాడి నెత్తిన పడింది.

ముందు ఒక గందరగోళం తొలగించాలి. పెట్టె మీద ఏఎన్‌సీ అని, పక్కన ఇన్ని డెసిబెళ్లని రాసి ఉంటే, అది సాధారణంగా పెట్టుకున్నవారి చెవిలోకి బయటి రొద రాకుండా చేసే ఏర్పాటును గురించి. మన మాటలో కలిసి వెళ్లే రొదను అవతలివారికి తగ్గించే ఏర్పాటు వేరు, దాన్ని ఈఎన్‌సీ అంటున్నారు. దుకాణంలో పాట పెట్టి, ఏఎన్‌సీ నొక్కి, ‘చూశారా సార్, ఎంత నిశ్శబ్దమో’ అనడం మొదటిదాని ప్రదర్శన. రెండోదాని గురించి అది ఏమీ చెప్పదు.

ఇక లెక్క సంగతి. ఆరు మైకులంటే చెవికి మూడు. ఆ మూడింటిలో ఒకటి తరచుగా చెవి రంధ్రం వైపు తిరిగి ఉంటుంది, దాని ప్రధానమైన పని ఏఎన్‌సీకి సాయపడటం. పైగా చాలా సెట్లలో కాల్ నడిచేటప్పుడు ఒక చెవి వైపు మైకులే పనిచేస్తాయి, ఎందుకంటే ఒక బడ్ నుంచి తలకు అవతల ఉన్న రెండో బడ్‌కు మాటను ఎప్పటికప్పుడు చేరవేయడం ఖర్చుతోనూ ఆలస్యంతోనూ కూడిన పని. చివరికి రోడ్డు మీద మన మాటను మోసేవి రెండు మైకులు. పెట్టె మీద నాలుగని రాసిన సెట్టులోనూ అవే రెండు.

ఆ రెండూ చేసే పని మాత్రం తెలివైనదే. రెండింటి మధ్య రెండు సెంటీమీటర్ల దూరం ఉందనుకుంటే, ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది కనుక, నోటి నుంచి వచ్చిన మాట ముందు మైకును చేరిన 58 మైక్రోసెకన్లకు వెనక మైకును చేరుతుంది. ఆ తేడాను పట్టుకుని, నోటి వైపు నుంచి వచ్చినదాన్ని నిలిపి తక్కిన దిక్కుల నుంచి వచ్చినదాన్ని తగ్గిస్తారు. అయితే లారీ ఇంజను గుర్రు వంటి మంద్ర ధ్వనుల తరంగం మీటరుకు పైగా పొడవుంటుంది, దాని ముందు రెండు సెంటీమీటర్లు లెక్కలోకి రావు. మైకు నోటికి ఎంత దగ్గరగా ఉందన్నది దీనికంటె పెద్ద విషయం. బహిరంగ ప్రదేశంలో దూరం సగమైతే మాట సుమారు 6 డెసిబెళ్లు పెరుగుతుంది, రోడ్డు రొద మాత్రం అంతే ఉంటుంది. అందుకే చెవిలో గోళీలా ఇమిడిపోయే రకం కంటె, చెంప మీదికి చిన్న కాడ దిగే రకానికి పుట్టుకతోనే ఒక మేలు ఉంది. ఫోన్‌ను చెవికి ఆనించి మాట్లాడినప్పుడు మాట స్పష్టంగా వెళ్లడానికి కూడా ఇదే కారణం. అడుగున ఉన్న మైకు నోటి దగ్గర ఉంటుంది, పైన ఉన్నది దూరంగా ఉండి రొదను కొలుస్తుంది.

మైకులు పెరిగితే మేలే కదా అనేవారున్నారు, వారి మాటలో నిజం లేకపోలేదు. సరిగా అమర్చి, సరైన ప్రోగ్రాముతో నడిపితే, మూడో మైకు దిక్కును మరింత బాగా పసిగడుతుంది. చెవి లోపలి మైకు కూడా, గాలి తగలని చోట ఉంటుంది కనుక, ఎముకల గుండా వచ్చే మన గొంతు మంద్ర భాగాన్ని అందుకోగలదు. కొన్ని మంచి సెట్లు ఆ పని చేస్తున్నాయి. కానీ చేస్తున్నాయో లేదో పెట్టె మీది అంకె చెప్పదు.

అసలు కథ మైకుల తర్వాత మొదలవుతుంది. రెండు మైకులూ వడగట్టాక మిగిలిన రొదను ఒక ప్రోగ్రాము తుడుస్తుంది. ఫ్యాను, ఏసీ, జనరేటరు వంటి ఒకే తీరున సాగే మోతను అది సులభంగా గుర్తుపట్టి తీసేస్తుంది. హారను, కండక్టరు కేక, పక్కవారి మాట క్షణక్షణానికీ మారుతాయి కనుక వాటిని మన మాట నుంచి విడదీయడం కష్టం. అక్కడ చవక ప్రోగ్రాము మొండిగా వ్యవహరిస్తుంది. అనుమానం వచ్చినప్పుడల్లా తలుపు మూస్తుంది, మాట మొదలైందని తేల్చుకున్నాక గాని తెరవదు. తెరవడం ఆలస్యమైతే మాట తల పోతుంది, మూయడంలో తొందరపడితే తోక పోతుంది. అవతలివారు ‘రొద ఏమీ లేదండీ’ అంటారు. నిజమే, రొదతోపాటు అక్షరమూ పోయింది.

తెలుగులో ఈ కోత ఖరీదైనది. మన క్రియల్లో ఎవరు చేస్తారన్నది చివరి అక్షరంలో ఉంటుంది: వస్తాను, వస్తాడు, వస్తారు. మన అంకెల్లో కవలలు ఉన్నాయి. ఇరవై, అరవైల మధ్య తేడా మొదటి హ్రస్వాచ్చు ఒక్కటే. పదిహేను, పదిహేడుల మధ్య తేడా చివరి హల్లు ఒక్కటే. మొదటి జంట తలుపు ఆలస్యంగా తెరుచుకుంటే పట్టిస్తుంది, రెండోది తొందరగా మూసుకుంటే పట్టిస్తుంది. ‘హలో, వినబడుతోందా’ అన్న మాటతో పరీక్షించడం వృథా, ఎందుకంటే సగం తెగినా ఆ మాట అర్థమవుతుంది. అంకెల్లో అలా కాదు, తెగిన ముక్కను సందర్భం పూరించలేదు.

కొత్తవి కొనడానికి మా బావమరిదితో డాబాగార్డెన్స్ వెళ్లినప్పుడు చేసిన పని ఇదే. ఒక చీటీ మీద ఈ జంటలు కలిసేలా పన్నెండు అంకెలు వరస లేకుండా రాసుకున్నాం. సీతమ్మధారలో ఇంట్లో ఉన్న మా ఆవిడకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టకుండా చెవికి ఆనించుకుని, వినబడినవి వినబడినట్టు కాగితం మీద రాయమన్నాం. దుకాణదారు డెమో సెట్లు రెండు ఇచ్చాడు, ఒకటి ఆరు మైకులది, రెండోది కాడ ఉన్న నాలుగు మైకులది. లోపల ఏసీ గదిలో రెండూ పన్నెండుకు పన్నెండు. లోపలి పరీక్ష మీద నాకు గౌరవం లేకపోవడానికి ఇదే కారణం: ఏసీ మోత అన్నిటికంటె సులభమైన ప్రశ్న.

గడప దాటి రోడ్డు అంచున నిలబడ్డాం. మొదట మా బావమరిది ఫోన్‌ను చెవికి ఆనించి చీటీ చదివాడు. నెట్‌వర్కు లోపాన్ని ఇయర్‌బడ్స్‌కు అంటగట్టకుండా ఉండటానికి ఇది కొలబద్ద. తర్వాత కాల్ కట్ చేయకుండానే తెర మీది ఆడియో బొమ్మ నొక్కి ఇయర్‌బడ్స్‌లోకి మార్చాడు. ప్రతి అంకెకు ముందు అయిదు సెకన్లు మౌనంగా ఉండమన్నాను, ఎందుకంటే తలుపు మూసుకునేది ఆ మౌనంలోనే. ఒక చెవికే పెట్టుకుని కూడా చదివించాను. రోడ్డు మీద చాలామంది అలాగే వాడతారు. ఆరు మైకుల దగ్గర మా ఆవిడ, ‘ఒరేయ్, ఇరవయ్యా అరవయ్యా, మళ్లీ చెప్పు’ అని రెండుసార్లు అడిగింది. చివరికి ఫోన్‌కు పన్నెండు, కాడ ఉన్నదానికి పదకొండు, ఆరు మైకులదానికి ఎనిమిది ఒప్పు వచ్చాయి.

దుకాణదారు మధ్యలో, వాయిస్ రికార్డరులో రికార్డు చేసి వినండి, చాలదా అన్నాడు. చాలదు. ఇయర్‌బడ్స్ కలిపి ఉన్నా చాలా ఫోన్లలో రికార్డరు ఫోన్ మైకునే వాడుతుంది. అప్పుడు మనం మెచ్చుకునేది మన ఫోన్‌నే. ఒక పరీక్ష మాత్రం లోపలే చేయవచ్చు. దుకాణంలో నిలబెట్టే ఫ్యాను ఉంటే మీటరు దూరంలో దాని ముందు నిలబడి, తల నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతూ మాట్లాడాలి. గాలి మోత దూరం నుంచి వచ్చే ధ్వని కాదు, మైకు రంధ్రం దగ్గరే పుట్టే సుడి. రెండు మైకుల దగ్గరా వేరువేరుగా పుడుతుంది కనుక పైన చెప్పిన 58 మైక్రోసెకన్ల ఉపాయం అక్కడ పారదు. బీచ్ రోడ్డులో సాయంత్రం మాట్లాడే అలవాటున్నవారు ఈ పరీక్ష తప్పించుకోకూడదు.

ఇంత తేడా ఉన్న వస్తువు అంకెల మీద ఎలా అమ్ముడవుతోందంటే, ఈ సరుకులో డబ్బు పెట్టేవాడు ఒకడు, వినేవాడు మరొకడు. పాట బాగా లేకపోతే కొన్నవాడికి అరగంటలో తెలుస్తుంది. మైకు బాగా లేకపోతే గోదాము గుమస్తాకు తెలుస్తుంది, అతను దుకాణానికి రాడు, రివ్యూ రాయడు. కొలిచే పద్ధతి లేదని కూడా అనలేం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2003లోనే పి.835 అనే పద్ధతిని ఇచ్చింది. వినేవారు మాట ఎంత చెడిందో విడిగా, రొద ఎంత బాధిస్తోందో విడిగా, మొత్తం ఎలా ఉందో విడిగా అయిదుకు మార్కులు వేస్తారు. మొదటి రెండిటినీ విడదీయడంలోనే దాని విలువ ఉంది, రొదను తుడిచి మాటను నరికే సెట్టు రెండో మార్కుతో తప్పించుకోలేదు. ఫ్రిజ్ మీద, ఏసీ మీద నక్షత్రాలు అతికించడం నేర్చుకున్న దేశం ఈ పెట్టె మీద మైకుల లెక్క తీసేసి ఈ మూడు మార్కులు వేయమని తయారీదారులను అడగవచ్చు. ఎవరూ అడగకపోతే వారంతట వారు వేయరు.

మా ఆవిడ చేత కూడా ఆ మూడు మార్కులు వేయించాను. ఆరు మైకులదానికి రొద దగ్గర నాలుగు, మాట దగ్గర రెండు వేసింది. కాడ ఉన్నదానికి రొద దగ్గర మూడు, మాట దగ్గర నాలుగు. మా వాడు కాడ ఉన్నదే తీసుకున్నాడు. సీలు విప్పిన కొత్త సెట్టుతో అదే చీటీని అదే గడప ముందు మరోసారి చదివాకే డబ్బు కట్టాడు, డెమో సెట్టు మైకు రంధ్రాలూ కొత్త సెట్టు రంధ్రాలూ ఒకే స్థితిలో ఉంటాయన్న నమ్మకం లేదు కనుక.