నీళ్ళు మానేస్తే మోషన్లు ఆగవు

"బయట తిండి తిన్నాక మోషన్లు పట్టుకుంటే అది ఫుడ్ పాయిజనే, ఆఖరున తిన్నదే కారణం. ఒక యాంటీబయాటిక్, ఒక మోషన్లు ఆపే మాత్ర వేసుకోండి, సాయంత్రానికి కట్టు. నీళ్ళు తాగితే ఇంకా పెరుగుతాయి, పూర్తిగా మానేయండి. ఓఆర్‌ఎస్ అంటే ఉత్త ఉప్పు చక్కెర నీళ్ళు, బదులుగా కూల్‌డ్రింక్ తాగినా ఒకటే. అందరికీ పంపండి."

ఫోన్లలో తిరిగే ఇలాంటి మెసేజ్‌ను నమ్మితే ప్రమాదమే. ముందు అందులోని మొదటి మాట సంగతి చూద్దాం. పర్లాకిమిడి నుంచి చైత్ర మంగళవారం తారాతారిణి జాతరకు వెళ్ళిన ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తెల్లవారుజామున వండి, వేడిగా ఉండగానే డబ్బాలో బిగించిన వెజిటబుల్ బిర్యానీని ఇంటాయన మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్నాడు. సాయంత్రం నాలుగున్నరకు అందరూ గుప్‌చుప్ తిన్నారు. అయిదింటికల్లా ఆయనకు వాంతులు మొదలయ్యాయి. అందరూ గుప్‌చుప్ బండివాణ్ణి తిట్టుకుంటారు. కానీ అరగంటలో ఏ క్రిమీ కడుపులో పెరిగి వాంతి తెప్పించలేదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలైతే, ఆ తిండిలో విషం ముందే తయారై ఉందని అనుమానించాలి. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అందులో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. అంటే ఇక్కడ తప్పు ఇంటి డబ్బాదే కావచ్చు. అసలు ఫుడ్ పాయిజన్ అంటే ఇది. సాధారణంగా ఒక రోజులో దానంతట అదే సర్దుకుంటుంది.

ఆయన కూతురికి ఆ రోజు ఏమీ కాలేదు. గురువారం పొద్దున నీళ్ళలాంటి మోషన్లు మొదలయ్యాయి, జ్వరం లేదు. ఒకటి నుంచి మూడు రోజుల వ్యవధి ఉంటే కలుషిత నీళ్ళలోని ఈ.కొలై రకం బ్యాక్టీరియా కావచ్చు, నోరోవైరస్ లాంటి వైరసూ కావచ్చు. ఇక్కడ గుప్‌చుప్ నీళ్ళను అనుమానించడం న్యాయమే. పూరీ నూనెలో వేగుతుంది కానీ, పుల్లనీళ్ళు ఎవరూ మరిగించరు, పైగా చెయ్యి అందులోనే మునుగుతుంది. ఆమె ఏడాది బాబుకు శుక్రవారం వాంతులు, కాస్త జ్వరం, ఆ తర్వాత మోషన్లు వచ్చాయంటే వైరస్ వైపు మొగ్గు ఎక్కువ. వాడు గుప్‌చుప్ తినకపోయినా తల్లి చేతుల నుంచి అంటుకోవచ్చు.

ఇక పరాన్నజీవులు తీరిగ్గా వస్తాయి. జియార్డియాకు ఒకటి నుంచి రెండు, మూడు వారాలు పడుతుంది. అప్పటికి జాతర సంగతే మర్చిపోయి ఉంటాం. కడుపు ఉబ్బరం, కుళ్ళిన గుడ్డు వాసన తేన్పులు, జిడ్డుగా నీళ్ళపై తేలే మలం, వారాల తరబడి తగ్గీ తగ్గనట్టు ఉండడం దీని గుర్తులు. అమీబా అయితే జిగట, రక్తం కనబడవచ్చు.

గడియారం దారి చూపిస్తుందే తప్ప తీర్పు చెప్పదు. కూతురి జబ్బు బ్యాక్టీరియానో వైరసో చూసి తేల్చడం డాక్టరుకైనా కష్టమే. అయితే మొదటి రోజుల్లో తేల్చకపోయినా నష్టం లేదు, ఎందుకంటే రెండింటికీ అసలు వైద్యం పోయిన నీటిని తిరిగి పొయ్యడమే.

మాత్రల విషయం దీన్నిబట్టే తేలిపోతుంది. ఇంటాయన కడుపులో ఉన్నది విషం, యాంటీబయాటిక్‌కి చంపడానికి అక్కడ ఏమీ లేదు. బాబుది వైరస్, దానిమీద అది పనిచెయ్యదు. కూతురిది ఈ.కొలై అయినా ఎక్కువమందికి నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. జియార్డియాకు టినిడజోల్ లాంటి మందు నిజంగానే కావాలి, కానీ అది మల పరీక్ష తర్వాత డాక్టరు రాసేది. ఆపే మాత్ర, అంటే లోపెరమైడ్, పేగు కదలికను నెమ్మదింపజేస్తుంది. జ్వరం, రక్తం ఉన్నప్పుడు అది వేస్తే బయటికి పోవాల్సింది లోపలే నిలిచిపోతుంది. చిన్నపిల్లలకు అసలు వెయ్యకూడదు.

అన్నిటికంటే ప్రమాదకరం నీళ్ళు మానమనడం. ఈ.కొలై, కలరా విషాలు పేగు గోడలో క్లోరైడ్ బయటికి పోయే మార్గాన్ని తెరిచి వదిలేస్తాయి. దాని వెంట సోడియం, నీరు మన రక్తంలోంచే పేగులోకి కారతాయి. నోరు కట్టుకున్నా ఆ కారడం ఆగదు, లోపల నిల్వ తరిగిపోతుందంతే. అయితే పేగు గోడలో మరో తలుపు ఉంది. ఒక గ్లూకోజ్ అణువు, రెండు సోడియం అయాన్లు కలిసి వస్తేనే అది తెరుచుకుంటుంది, వాటి వెనకే నీరూ లోపలికి వెళ్తుంది. ఈ విషాలు ఆ తలుపును చెడగొట్టవు. ఓఆర్‌ఎస్ ఆధారం మొత్తం ఇదే. 1971లో బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడి సెలైన్ సీసాలు చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం ఈ ద్రావణాన్ని డ్రమ్ముల్లో కలిపి బంధువుల చేతే తాగించింది. ముప్ఫై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు పడిపోయాయి.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఓఆర్‌ఎస్ మోషన్ల సంఖ్యను తగ్గించదు. తాగినా మళ్ళీ వెళ్తున్నారని జనం దానిమీద నమ్మకం పోగొట్టుకునేది ఇక్కడే. అది పనిచేస్తోందా అని చూడాల్సింది మూత్రంలో: ఆగిన మూత్రం మళ్ళీ వస్తుంది, రంగు పలచబడుతుంది, కళ్ళు తిరగడం తగ్గుతుంది.

కూల్‌డ్రింక్‌తో ఎందుకు కుదరదో లెక్క చూడండి. ఓఆర్‌ఎస్ లీటరులో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితో పాటు పొటాషియం, సిట్రేట్ ఉంటాయి. మామూలు కూల్‌డ్రింక్ లీటరులో చక్కెర వంద గ్రాముల పైమాటే, సోడియం దాదాపు సున్నా. అంత చక్కెర నీటిని ఎదురు పేగులోకే లాగి మోషన్లు పెంచుతుంది.

కలపడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. లీటరు ప్యాకెట్‌లో సగం పొడిని గ్లాసులో వేస్తే ఉప్పు మరీ చిక్కనై పిల్లలకు ప్రమాదం. ప్యాకెట్ మీద లీటరుకా, 200 మిల్లీలీటర్లకా చూసి, మొత్తం పొడిని అన్ని నీళ్ళలోనే కలపాలి. 24 గంటలు దాటితే పారబొయ్యాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు సమ టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు వేస్తే పని నడుస్తుంది. అందులో పొటాషియం ఉండదు కాబట్టి అరటిపండు తోడు పెట్టండి.

పెద్దవాళ్ళు మోషన్ అయిన ప్రతిసారీ ఒకటి రెండు గ్లాసులు తాగాలి. బాబు బరువు 10 కిలోలనుకుందాం. కళ్ళు లోతుకు పోయి, దాహంతో పేచీ పెడుతున్నాడు. అలాంటప్పుడు కిలోకు 75 చొప్పున 750 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో పట్టించాలి. గ్లాసుతో పడితే కక్కేస్తాడు. టీస్పూనుతో అయితే రెండు నిమిషాలకు ఒకటి రెండు స్పూన్లు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ నెమ్మదిగా మొదలుపెట్టాలి. తల్లిపాలు, మెత్తని అన్నం ఆపకూడదు. డాక్టరు చెప్పిన జింక్ మోషన్లు తగ్గాక కూడా రెండు వారాలు పూర్తయ్యేదాకా వెయ్యాలి.

రక్తం పడినా, జ్వరం ఎక్కువైనా, ఆరు గంటలుగా మూత్రం లేకపోయినా, పిల్ల మత్తుగా పడుకుని తాగలేకపోయినా ఇంట్లో ఉండకండి. బియ్యం కడిగిన నీళ్ళలా ధారగా పోతుంటే కలరా అనుకునే కదలాలి. 2022 జూలైలో రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో కలరా ప్రాణాలు తీసింది. అలాంటి కేసుకు ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించాల్సిందే. ఆటోలో వెళ్ళే దారంతా మాత్రం, స్పృహలో ఉండి మింగగలుగుతుంటే, ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా పడుతూనే ఉండాలి.